కో వారెంటో అడిగేది కుర్చీ గురించి, ప్రొహిబిషన్ అడిగేది ఆ కుర్చీ చేసే పని గురించి

ప్రశ్న: నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. మా వీసీ 2024 ఆగస్టులో నియమితులయ్యారు. ఆయన ప్రొఫెసర్ అయింది 2015 జూలైలో. పదేళ్ల అనుభవం లేకుండా ఎలా నియమించారని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. రెండు నెలలు తిరగకుండా ఆయన నామీద ఛార్జి మెమో ఇచ్చి, విచారణ తానే చేస్తానంటున్నారు. అర్హత లేని మనిషి ఇచ్చిన మెమో చెల్లదని ప్రొహిబిషన్ రిట్ వేయాలా, కో వారెంటో వేయాలా? రెండూ ఒకే పిటిషన్‌లో అడగవచ్చా?

జవాబు:

ఒకే పిటిషన్‌లో అడగవద్దు. మీ చేతిలో ఉన్నవి రెండు వేర్వేరు కేసులు. ఒకటి ఆయన కుర్చీ గురించి, రెండోది మీ మెమో గురించి. మొదటిదానికి, ఏ హక్కుతో ఆ పదవిలో కూర్చున్నారని అడిగే కో వారెంటో రిట్. రెండోదానికి, విచారణను ఆపమనే ప్రొహిబిషన్ రిట్. ఒకదాని వాదన తీసుకెళ్లి రెండోదానిలో పెడితే రెండూ పాడవుతాయి. "అర్హత లేని మనిషి ఇచ్చిన మెమో చెల్లదు" అన్న మీ మాటలో జరిగింది సరిగ్గా అదే. వినడానికి చాలా సహజంగా ఉంటుంది కానీ హైకోర్టులో నిలబడదు.

ఎందుకు నిలబడదో చెప్పడానికి మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు ఒకటుంది. గోకరాజు రంగరాజు కేసు, 1981. సెషన్స్ కోర్టులో శిక్ష పడినవాళ్లు ఒక సంగతి పట్టుకున్నారు. తమ కేసులు విన్న జడ్జీల నియామకం రాజ్యాంగం 233వ అధికరణకు విరుద్ధమని తరువాత తేలి, ఆ నియామకాలు రద్దయ్యాయి. జడ్జి జడ్జే కానప్పుడు తీర్పు ఎలా తీర్పవుతుందని వారి వాదన. జస్టిస్ చిన్నపరెడ్డి ఆ వాదనను ఒప్పుకోలేదు. నియామకంలో లోపం ఉన్నా, ఆ పదవికి తగిన నియామక పత్రంతో కూర్చుని అందరి ఎదుట విధులు నిర్వర్తించిన వ్యక్తి చేసిన పనులు చెల్లుతాయన్నారు. కోర్టుకు వచ్చేవాడు ముందు జడ్జి నియామక ఉత్తర్వు తనిఖీ చేసుకుని రాలేడు కదా. దీన్ని వాస్తవ అధికారి సూత్రం అంటారు. ఇందులోనే మీకు పనికివచ్చే రెండో ముక్క ఉంది. పదవి మీద ఉన్న హక్కును ప్రశ్నించాలంటే నేరుగా ఆ ప్రశ్న కోసమే వేసిన కేసులో ప్రశ్నించాలి. ఆ అధికారి చేసిన మరో పనిని సవాలు చేస్తూ, ఆ దారిలో ఆయన నియామకాన్ని కూడా లాగడానికి వీల్లేదు.

2001లో జయలలిత విషయంలో జరిగిందీ ఇదే. శిక్ష పడి, నామినేషన్లు తిరస్కరణకు గురైన ఆమెను ఆ ఏడాది మే 14న ముఖ్యమంత్రిగా నియమించారు. సెప్టెంబరు 21న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ నియామకం చెల్లదంది. కో వారెంటో తరహా కేసుల్లో మన దేశంలో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు. కానీ ఆ తీర్పే, మధ్యలోని నాలుగు నెలల్లో ఆమె ప్రభుత్వం చట్టప్రకారం చేసిన పనులకు భంగం ఉండదని కూడా చెప్పింది. కుర్చీ పోయింది, సంతకాలు మిగిలాయి.

మీ విషయానికి వస్తే, మీరు రేపు కో వారెంటోలో గెలిచి వీసీ ఇంటికి వెళ్లినా, మీ ఛార్జి మెమో దానంతట అది చావదు. తరువాత వచ్చే వీసీ అదే ఫైలు తెరిచి విచారణ కొనసాగించవచ్చు. కాబట్టి మెమోను ఆపాలంటే మెమోలో ఉన్న లోపాలతోనే ఆపాలి.

ముందు కుర్చీ సంగతి చూద్దాం.

కో వారెంటో అంటే లాటిన్‌లో "ఏ అధికారంతో" అని. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు ఆ పదవిలో ఉన్న వ్యక్తినే నిలబెట్టి, ఏ అధికారంతో ఇక్కడ కూర్చున్నారని అడుగుతుంది. సమాధానం చట్టంలో దొరకకపోతే పదవి ఖాళీ అయిందని ప్రకటిస్తుంది. ఆ పదవి చట్టం లేదా రాజ్యాంగం సృష్టించిన ప్రభుత్వ పదవి అయి ఉండాలి. వీసీ పదవి విశ్వవిద్యాలయ చట్టం సృష్టించినదే కాబట్టి ఆ విషయంలో ఇబ్బంది లేదు. ఏ సొసైటీయో నడిపే ప్రైవేటు కళాశాల కార్యదర్శి అయితే మాత్రం ఈ రిట్ పనికిరాదు. నియామకం చట్టబద్ధమైన నిబంధనకు విరుద్ధంగా ఉండాలి. అన్యాయంగా ఉందని, రాజకీయ పలుకుబడితో వచ్చిందని, ఇంతకంటే మంచివారు ఉన్నారని చెప్పడం చాలదు. పిటిషన్ వేసేవారికి సొంత నష్టం ఉండనక్కర్లేదు. ఉద్యోగ వ్యవహారాల్లో బయటివాళ్ల ప్రజాప్రయోజన వ్యాజ్యాలను కోర్టులు రానివ్వవు. దానికి ఉన్న ఒకే మినహాయింపు ఇది. ఒకటి గుర్తుంచుకోండి. గెలిస్తే కుర్చీ ఖాళీ అవుతుంది తప్ప, దాన్ని ఎవరికివ్వాలో కోర్టు చెప్పదు. ఆ పదవి తనకు రావాలని కోరుకునే పోటీ అభ్యర్థి ఈ దారిలో రాకూడదు.

వీసీల విషయంలో మీకు అనుకూలమైన తీర్పు 2022 మార్చిలో వచ్చింది. గుజరాత్‌లోని సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయం కేసు. ఆ రాష్ట్ర చట్టంలో వీసీకి అర్హతలే రాయలేదు. యూజీసీ నిబంధనలను మేము స్వీకరించలేదు కాబట్టి అవి మాకు వర్తించవని ప్రభుత్వం వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. యూజీసీ నిబంధనలదే పైచేయి అని, ప్రొఫెసర్‌గా పదేళ్లు లేని వ్యక్తి నియామకం చెల్లదని కో వారెంటో జారీ చేసింది. 2018 యూజీసీ నిబంధనల్లో ఈ సంగతి 7.3 కింద ఉంటుంది. అక్కడి మాటలు జాగ్రత్తగా చదవండి: విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ల అనుభవం, లేదా పేరున్న పరిశోధన సంస్థలో గానీ విద్యా పరిపాలన సంస్థలో గానీ పదేళ్ల అనుభవం, దానితో పాటు విద్యారంగంలో నాయకత్వం వహించినట్టు రుజువు.

ఇక మీ లెక్క. 2015 జూలై నుంచి 2024 ఆగస్టుకు తొమ్మిదేళ్ల ఒక నెల. పదకొండు నెలలు తక్కువ. మీరు అక్కడితో ఆగారు. నేను అక్కడి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అవతలి న్యాయవాది కూడా అక్కడి నుంచే మొదలుపెడతాడు.

మొదట అడగాల్సింది 2015 జూలై అనేది ఏ తేదీ అని. పదోన్నతి ఉత్తర్వు వచ్చిన తేదీయా, పదోన్నతి అమల్లోకి వచ్చిన తేదీయా? ఆయన నేరుగా ప్రకటన ద్వారా ఎంపికైన ప్రొఫెసర్ అయితే రెండూ దాదాపు ఒకటే. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద ప్రొఫెసర్ అయ్యుంటే కథ వేరు. ఆ పథకంలో ఇంటర్వ్యూ ఎప్పుడు జరిగినా, అర్హత వచ్చిన పాత తేదీ నుంచి పదోన్నతి ఇవ్వడం మామూలే. ఉత్తర్వు 2015 జూలైలో వచ్చి, అందులో "2013 నవంబరు నుంచి అమలు" అని ఒక్క ముక్క ఉంటే, ఆయనకు పదేళ్ల తొమ్మిది నెలలు అవుతాయి. మీ కేసు అక్కడితో సరి.

ఇది ఊహించి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట నేను ఇలాంటి పిటిషన్ ఒకటి తయారుచేశాను. వెబ్‌సైటులో ఉన్న బయోడేటా చూసి తేదీలు లెక్కకట్టాం. మొదటి వాయిదాలోనే అవతలివారు ఒక్క పేజీ పదోన్నతి ఉత్తర్వు చేతికిచ్చారు. పిటిషన్ ఉపసంహరించుకుంటామని అడిగిన ఆ అయిదు నిమిషాలు నాకు ఇంకా గుర్తున్నాయి. అప్పటి నుంచి పదోన్నతి ఉత్తర్వు నకలు చేతిలో లేకుండా అనుభవం మీద కో వారెంటో రాయడం మానేశాను.

ఆ పాత తేదీ తప్పుగా ఇచ్చారని మీరు అనవచ్చు. అది నిజమే అయినా ఈ రిట్‌లో దాన్ని తవ్వనివ్వరు. 2018లో కర్ణాటకలోని బళ్లారి జిల్లా పంచాయతీ అధ్యక్షురాలి మీద వేసిన కేసు ఇందుకు దగ్గరగా ఉంటుంది. ఆమె సమర్పించిన కుల, ఆదాయ ధ్రువపత్రం తప్పు కాబట్టి రిజర్వు అయిన పదవికి అనర్హురాలని పిటిషనర్ల ఫిర్యాదు. ఆ ధ్రువపత్రాన్ని దానికి సంబంధించిన కమిటీ రద్దు చేయనంత వరకు అది చెల్లుబాటులో ఉన్నట్టేనని, కో వారెంటో జారీ చేయడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. పదోన్నతి ఉత్తర్వుకూ నేను అదే తర్కం వర్తిస్తుందనుకుంటాను. ఎవరూ రద్దు చేయని ఉత్తర్వు కోర్టు కళ్లకు మంచి ఉత్తర్వే.

రెండో గండం ఆ నిబంధనలోని "లేదా" అనే మాట. ఆయన ఎప్పుడైనా ఏ పరిశోధన సంస్థలోనో, ఉన్నత విద్యామండలిలోనో పనిచేసి ఉంటే, ఆ కాలాన్ని దీనికి కలిపి చూపిస్తారు. రెండు రకాల అనుభవాన్ని కలిపి పదేళ్లు చేయవచ్చా అన్నది వాదనకు తావున్న విషయం. నా ఉద్దేశంలో నిబంధన పాఠం మీవైపే ఉంది, ఎందుకంటే పదేళ్లు అనే మాట రెండు చోట్లా విడివిడిగా ఉంది. కానీ వాదనకు తావుంది అంటేనే కో వారెంటోకు మంచిది కాదు. ఈ రిట్‌కు ఉల్లంఘన అద్దంలా కనిపించాలి. మైసూరు విశ్వవిద్యాలయం వర్సెస్ గోవిందరావు అనే పాత తీర్పును అవతలివారు తప్పక తెస్తారు. ఇంగ్లిషు రీడరు అనే అధ్యాపక పదవికి జరిగిన నియామకం అది. అభ్యర్థికి మైసూరు ఎం.ఏ.లో యాభై శాతానికి కాస్త పైన మార్కులు, దానికి తోడు ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయం డిగ్రీ ఉన్నాయి. ఉన్నత ద్వితీయ శ్రేణి లేదని హైకోర్టు నియామకం కొట్టేసింది. సుప్రీంకోర్టు 1963లో దాన్ని తిరగేసి, విదేశీ డిగ్రీ సమానమైనదేనా అన్నది విద్యావేత్తల బోర్డు తేల్చాల్సిన విషయమని, అందులో కోర్టులు తొందరపడి వేలు పెట్టకూడదని చెప్పింది. కో వారెంటోకు ఏమేం కావాలో స్పష్టంగా చెప్పిన తీర్పు కూడా అదే కాబట్టి, దాన్ని పక్కన పెట్టి వాదించే వీలు లేదు.

అందుకని నేను మీ స్థానంలో ఉంటే పదేళ్ల లెక్కను రెండో వరుసలో పెట్టి, వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీ పత్రాలను ముందుకు తెస్తాను. అనుభవం విషయంలో నిపుణుల అభిప్రాయం అనే గోడ అడ్డు వస్తుంది. కమిటీ ఎలా ఏర్పడింది, ఎన్ని పేర్లు పంపింది అనే వాటికి అలాంటి గోడ లేదు. అవి కాగితం మీద ఉన్న నిజాలు. 7.3 ప్రకారం కమిటీ మూడు నుంచి అయిదు పేర్ల జాబితా ఇవ్వాలి. సభ్యుల్లో ఒకరిని యూజీసీ ఛైర్మన్ నామినేట్ చేయాలి. సభ్యులెవరికీ ఆ విశ్వవిద్యాలయంతో గానీ దాని కళాశాలలతో గానీ ఏ సంబంధమూ ఉండకూడదు. 2022 అక్టోబరులో కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకం పోవడానికి ప్రధాన కారణం కమిటీ ఒకే ఒక్క పేరు పంపడం. ఆ వీసీ ప్రతిభ గురించి ఎవరూ ఒక్క మాట అనాల్సిన అవసరం రాలేదు. ఆ నెలలోనే కలకత్తా విశ్వవిద్యాలయం వీసీ పునర్నియామకం కూడా పోయింది. అక్కడ తప్పు ఇంకా సులువుగా కనిపించింది. ఛాన్సలర్ చేయాల్సిన నియామకాన్ని రాష్ట్ర ప్రభుత్వం చేసింది.

ఒక జాగ్రత్త. నియామకం జరిగిన రోజున అమల్లో ఉన్న నిబంధననే చూడాలి. తరువాత వచ్చిన సవరణలు మీకు గానీ ఆయనకు గానీ ఉపయోగపడవని అనుకుని మొదలుపెట్టండి.

సమాచార హక్కు దరఖాస్తు మళ్లీ రాయండి, ఈసారి వేరే తీరులో. "ఎలా నియమించారు" అనే ప్రశ్నకు జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చేది ఉన్న పత్రాలనే కానీ వివరణలను కాదు. కాగితాలను పేరు పెట్టి అడగండి: సెర్చ్ కమిటీని ఏర్పాటు చేసిన జీవో, యూజీసీ నామినీని పంపిన లేఖ, కమిటీ సమావేశపు మినిట్స్, ఛాన్సలర్‌కు పంపిన పేర్ల జాబితా, నియామక ఉత్తర్వు, ఆయన ప్రొఫెసర్ పదోన్నతి ఉత్తర్వు. మొదటి నాలుగూ ఉన్నత విద్యాశాఖలో ఉంటాయి, చివరిది ఆయన పాత విశ్వవిద్యాలయంలో ఉంటుంది. ఒకే చోట అడిగి నెల పోగొట్టుకోకుండా రెండు దరఖాస్తులు పెట్టండి. బయోడేటా అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించే అవకాశం ఎక్కువ, పదోన్నతి ఉత్తర్వు దగ్గర ఆ సాకు చెప్పడం కష్టం. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేసి, దాని నకలు కూడా దాచండి. ఇవ్వాల్సిన పత్రాలు ఇవ్వలేదని అఫిడవిట్‌లో చూపిస్తే, ఫైలు తెప్పించమని కోర్టును అడగడానికి అది ఆధారమవుతుంది.

పిటిషన్‌లో వీసీని పదవి పేరుతోనే కాక, వ్యక్తిగతంగా పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. జవాబు చెప్పాల్సింది ఆయన, పోయేది ఆయన పదవి. ఇది మరచిపోయి విశ్వవిద్యాలయాన్నీ ప్రభుత్వాన్నీ మాత్రమే చేర్చిన పిటిషన్లు నేను చూశాను. ఛాన్సలర్ అయిన గవర్నర్‌ను వ్యక్తిగతంగా చేర్చవద్దు, 361వ అధికరణ అడ్డు. ఉన్నత విద్యాశాఖ, విశ్వవిద్యాలయం తరఫున రిజిస్ట్రార్, యూజీసీ చాలు. పదవి నుంచి తాత్కాలికంగా ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు గానీ అది వస్తుందని లెక్క వేసుకోవద్దు. చాలా అరుదుగా ఇస్తారు. ఆలస్యం ఈ రిట్‌లో పెద్ద అడ్డు కాదు, హక్కులేని పదవిలో గడిచే ప్రతి రోజూ కొత్త తప్పే కాబట్టి. అసలు చిక్కు మరొకటి. కేసు తేలేలోగా పదవీకాలం ముగిస్తే, లేదా ఆయన రాజీనామా చేస్తే, పిటిషన్‌లో అడగడానికి ఏమీ మిగలదు.

మరో మాట. మీ మీద మెమో ఉన్న సంగతి ఈ పిటిషన్‌లో తప్పకుండా చెప్పండి. దాచితే అవతలివారు వేసే కౌంటర్‌లో మొదటి పేరాలోనే వస్తుంది, పిటిషన్ మొత్తానికి కక్ష సాధింపు వాసన పట్టుకుంటుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి మిత్రుడి పేరుతో వేయిద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. వెనక ఎవరున్నారో బయటపడడానికి ఒక్క వాయిదా చాలు. చట్టం స్పష్టంగా మీవైపు ఉంటే ఉద్దేశం గురించి కోర్టు పెద్దగా పట్టించుకోదు. స్పష్టంగా లేనప్పుడే ఉద్దేశం వెతుకుతుంది.

ఇక మెమో. మీకు నిజంగా తొందర ఉన్నది ఇక్కడ.

ప్రొహిబిషన్ అంటే కింది కోర్టుకో, ట్రిబ్యునల్‌కో, న్యాయవిచారణ తరహాలో నిర్ణయం తీసుకునే అధికారికో "ఇక్కడితో ఆపు" అని చెప్పే రిట్. నిర్ణయం వెలువడక ముందే రావాలి. వెలువడిన తరువాత దాన్ని రద్దు చేయించేది సెర్షియోరరీ. కొంత భాగం ముగిసి కొంత మిగిలి ఉంటే రెండూ కలిపి అడగవచ్చని సుప్రీంకోర్టు హరివిష్ణు కామత్ కేసులోనే, అంటే 1954లోనే చెప్పింది. మీకు విచారణ ఇంకా మొదలు కాలేదు కాబట్టి ప్రొహిబిషన్‌కు సమయం ఉంది. క్రమశిక్షణ విచారణ న్యాయవిచారణ తరహాదే కాబట్టి రిట్ రకం కూడా సరిపోతుంది.

అయితే ఛార్జి మెమో మీద రిట్ అనగానే ధర్మాసనం నుంచి వచ్చే మొదటి ప్రశ్న: "ఇంకా ఏమీ జరగలేదు కదా, వెళ్లి జవాబు చెప్పుకోండి." దీని వెనక 2006 నాటి కూనిశెట్టి సత్యనారాయణ కేసు ఉంటుంది. మెమో వల్ల ఎవరి హక్కూ పోలేదు, విచారణలో నిర్దోషి అని తేలవచ్చు, కాబట్టి మామూలుగా ఈ దశలో రిట్ రాదని ఆ తీర్పు. అందులోనే మినహాయింపు కూడా ఉంది: మెమో ఇచ్చినవారికి అసలు అధికారమే లేనప్పుడు. కాబట్టి ఆరోపణలు అబద్ధమని, సాక్ష్యం లేదని ఈ పిటిషన్‌లో ఒక్క వాక్యం కూడా రాయకండి. రాస్తే మిమ్మల్ని వెనక్కి పంపడానికి కోర్టుకు దారి చూపినట్టే. రెండే రెండు ప్రశ్నలు అడగండి. ఈయనకు మెమో ఇచ్చే అధికారం ఉందా? ఉన్నా, ఈ కేసులో ఈయన విచారణ చేయవచ్చా?

మొదటి ప్రశ్నకు మీ విశ్వవిద్యాలయ చట్టం, స్టాట్యూట్లు తీయండి. చాలా చోట్ల బోధన సిబ్బంది మీద క్రమశిక్షణ అధికారం పాలకమండలిది, వీసీది కాదు. అలాగే ఉంటే, మెమోకు పాలకమండలి ఆమోదం ఉందా అన్నది చూడండి. విచారణ మొదలుపెట్టడానికి ఆమోదం, మెమోలోని ఆరోపణలకు ఆమోదం రెండూ వేర్వేరు. 2013లో బి.వి. గోపీనాథ్ కేసులో ఆదాయపు పన్ను అధికారి మీద చర్యకు ఆర్థికమంత్రి అనుమతి ఇచ్చారు గానీ, తయారైన ఛార్జి మెమోను ఆయన ఆమోదించలేదు. ఆ ఒక్క లోపంతో మెమోకు ఉనికే లేదని సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడి సర్వీసు నిబంధన అలా ఉంది. మీ స్టాట్యూట్‌లో మాటలు అలాగే ఉన్నాయో లేదో పోల్చి చూసుకోవాలి.

ఇందులో ఒక లొసుగు ఉంది. వీసీకి అత్యవసర అధికారం అని దాదాపు ప్రతి విశ్వవిద్యాలయ చట్టంలో ఒక సెక్షన్ ఉంటుంది. పాలకమండలి తరఫున తాను చర్య తీసుకుని, తరువాతి సమావేశంలో ఆమోదం పొందవచ్చని. మీరు పిటిషన్ వేసిన మరుసటి వారం పాలకమండలి సమావేశమై మెమోను ఆమోదించిందనుకోండి, మీ మొదటి ప్రశ్న సగం చచ్చిపోతుంది. అధికారం లేని అధికారి చేసిన పనిని అధికారం ఉన్న మండలి తరువాత ఆమోదిస్తే అది మొదటి నుంచీ చెల్లుతుందని 2006లో మహారాష్ట్ర మైనింగ్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఏకంగా ఉద్యోగం నుంచి తొలగింపే అలా నిలబడింది. కాబట్టి మొదటి ప్రశ్న ఒక్కదాని మీదే బరువంతా వేయకండి.

పక్షపాతం అలా కాదు. దాన్ని ఎవరూ తరువాత ఆమోదించి సరిచేయలేరు. మీరు ఆయన అర్హత ప్రశ్నించారు, ఆయనే మీ మీద ఆరోపణ చేశారు, ఆయనే విచారిస్తానంటున్నారు. 1958లో గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు చూడండి, అదీ మన దగ్గరిదే. ప్రైవేటు బస్సుల మార్గాలను ఆర్టీసీకి ఇచ్చే పథకం మీద అభ్యంతరాలను రవాణా శాఖ కార్యదర్శి విన్నారు, నిర్ణయం ముఖ్యమంత్రి తీసుకున్నారు. వివాదంలో ఒక పక్షమైన శాఖకు అధిపతే జడ్జిగా కూర్చున్నాడని, పైగా విన్నది ఒకరు, తేల్చింది మరొకరని జస్టిస్ సుబ్బారావు రాసిన మెజారిటీ తీర్పు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ తరువాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు వింటే, అదే బస్సు యజమానులు ఆయన మీదా పక్షపాతం ఆరోపించారు. ఈసారి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మంత్రికి తన ప్రభుత్వ విధానం మీద ఆసక్తి ఉండడం వేరు, శాఖాధిపతిగా వివాదంలో భాగం కావడం వేరు. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే మీ పిటిషన్‌లో ఏం రాయాలో తెలుస్తుంది. వీసీకి మీరంటే పడదని రాయడం కాదు. మీ దరఖాస్తు తేదీ, మెమో తేదీ, మెమోలో ఫిర్యాదుదారుగా ఆయన సంతకం, విచారణాధికారిగా ఆయన పేరు, ఈ నాలుగు కాగితాలు ఒక వరుసలో పెట్టాలి.

ఇప్పుడు అన్నిటికంటే తొందరైన పని. పక్షపాతం అభ్యంతరాన్ని మొదటి అవకాశంలోనే లేవనెత్తాలి. మాణక్‌లాల్ కేసులో, 1957లో, విచారణ ట్రిబ్యునల్ ఛైర్మన్ ఒకప్పుడు అవతలి పక్షం తరఫు వకీలు. పక్షపాతం వాదనలో బలం ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా మొదటి నుంచీ తెలిసి కూడా ట్రిబ్యునల్ ముందు నోరు మెదపలేదు కాబట్టి ఆ హక్కు వదులుకున్నట్టేనంది. మీరు విచారణకు ఒక్కసారి వెళ్లి, మాట్లాడకుండా సంతకం చేసి వస్తే ఇదే మీకూ జరుగుతుంది.

మెమోకు జవాబు గడువు లోపల, ఆరోపణల జోలికి పోకుండా, ఒక పేజీ లేఖ రాయండి. వీసీయే ఫిర్యాదుదారు కాబట్టి ఆయన విచారణ చేయకూడదని, మెమోకు పాలకమండలి ఆమోదం ఉంటే నకలు ఇవ్వాలని, విచారణను విశ్వవిద్యాలయంతో సంబంధం లేని వ్యక్తికి, ఉదాహరణకు పదవీ విరమణ చేసిన జిల్లా జడ్జికి అప్పగించాలని కోరండి. ఆ లేఖలో ఆయన అర్హత గురించి ఒక్క మాట కూడా వద్దు. గడువు దాటేలా ఉంటే ఆరోపణలకు కూడా "ఈ అభ్యంతరానికి లోబడి" అని మొదట రాసి జవాబు ఇవ్వండి, జవాబు ఇవ్వలేదనే సాకుతో ఏకపక్షంగా తేల్చకుండా. రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి, ఈమెయిల్ కూడా పంపండి.

ఆ లేఖకు తిరస్కారం వచ్చినా, జవాబే రాకుండా విచారణ తేదీ వేసినా, అప్పుడు రిట్ వేయండి. మన రెండు హైకోర్టుల్లో చాలామంది ఇలాంటివాటికి కూడా, ఫలానా పని చేయమని అధికారిని ఆదేశించే మాండమస్ రిట్ పేరుతో, "చట్టవిరుద్ధమని ప్రకటించి" అనే పాత మూసలోనే రాస్తారు. రిట్ పేరు తప్పయినంత మాత్రాన కోర్టు కొట్టేయదు, కోరిన ఉపశమనం చూస్తుంది. అయినా ప్రార్థనలో ప్రొహిబిషన్ అని రాసి, కోరేది ఇరుకుగా పెట్టండి: ఈ ప్రతివాది ఈ మెమో మీద విచారణ సాగించకుండా నిరోధించాలి, ప్రత్యామ్నాయంగా స్వతంత్ర విచారణాధికారిని నియమించమని విశ్వవిద్యాలయాన్ని ఆదేశించాలి. విచారణనే శాశ్వతంగా ఆపమంటే ఇవ్వడానికి కోర్టు వెనకాడుతుంది. ఆయన్ను మాత్రం తప్పించమంటే, నా అనుభవంలో, ఎక్కువసార్లు మొదటి రెండు వాయిదాల్లోనే విశ్వవిద్యాలయం న్యాయవాదే "మరొకరిని నియమిస్తాం" అని ఒప్పుకుంటాడు. అది రికార్డు అయ్యేలా చూసుకోండి.

కో వారెంటో పత్రాలు రావడానికి ఎలాగూ రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా మెమో కేసు ఒక కొలిక్కి వస్తుంది. పదోన్నతి ఉత్తర్వులో పాత తేదీ కనిపించి, సెర్చ్ కమిటీ పత్రాలు కూడా సవ్యంగా ఉంటే, రెండో పిటిషన్ వేయకండి. పత్రాల్లో ఒకే పేరు గానీ, విశ్వవిద్యాలయంతో సంబంధం ఉన్న సభ్యుడు గానీ కనిపిస్తే, వాటి నకళ్లు చేతిలో పెట్టుకుని నిబంధన మాటలు మరోసారి పోల్చి చూసి, అప్పుడు రాయండి.